సంతకం నాదే, లెక్క తప్పు

కోర్టు సమన్లు పట్టుకుని వచ్చిన మనిషి నోట మొదట వచ్చే మాట "అంతా అబద్ధం సార్". మంచినీళ్లిచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, ప్లెయింటు కాపీ చేతిలో పెట్టి నెమ్మదిగా చదివిస్తే పది నిమిషాలకు రెండో మాట వస్తుంది: "సంతకం మాత్రం నాదే అనుకోండి..."

ఆ రెండో మాట దగ్గరే మన పని మొదలవుతుంది. డబ్బు దావాలో ప్రతివాది వేసే రిటన్ స్టేట్‌మెంట్ అంటే కోపంతో రాసే ఉత్తరం కాదు. ఏది నిజమో, ఏది కాదో, ఏది నాకు తెలియదో విడదీసి చెప్పే కాగితం. అలా విడదీయడం చేతగాకే చాలామంది తమ చేతిలో ఉన్న మంచి కేసును కూడా పాడుచేసుకుంటారు.

ఒక హార్డ్‌వేర్ కొట్టాయన సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు. లెక్క సులువుగా సాగడానికి అంకెల్ని కూడా కాస్త సరిచేశాను.

ఆయన 2021 ఆగస్టు 10న తెలిసినాయన దగ్గర ప్రోనోటు రాసి అప్పు తీసుకున్నాడు. నోటులో ఉన్నది అసలు 5 లక్షలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేళ్ల గడువు తీరడానికి సరిగ్గా నెల ముందు, 2024 జూలై 10న అప్పిచ్చినాయన దావా వేశాడు. ప్లెయింటులో చెప్పింది ఇదీ: 5 లక్షలు నగదుగా ఇచ్చాను, ఇంతవరకు పైసా కట్టలేదు, వకీలు నోటీసు అందుకుని కూడా జవాబివ్వలేదు, 35 నెలల వడ్డీ మూడున్నర లక్షలతో కలిపి ఎనిమిదిన్నర లక్షలు ఇప్పించండి.

కొట్టాయన చెప్పింది వేరు. చేతికి నగదు రాలేదు. బ్యాంకు ఖాతాకు 4,40,000 వచ్చాయి. మిగతా 60,000 ఆరు నెలల వడ్డీ కింద ముందే పట్టుకున్నారు. ఏడాది తర్వాత నుంచి ఆరు నెలలకోసారి 50,000 చొప్పున నాలుగు సార్లు ఫోన్‌లోంచి పంపాడు. నోటీసు వచ్చాక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి మరో 50,000 చేతికిచ్చాడు. దానికి రసీదు లేదు.

ఈ కథ విన్న బావమరిది అప్పటికే సలహా ఇచ్చేశాడట: "సంతకం నాది కాదని చెప్పెయ్ బావా. రుజువు చేసుకోవడం వాడి ఖర్మ."

ఈ సలహా ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, ఉచితంగానే. దానికయ్యే ఖర్చు తర్వాత తెలుస్తుంది. సంతకం కాదంటే నోటును నిపుణుడి పరీక్షకు పంపమని వాది అడుగుతాడు. వివాదం మొదలవకముందు మీరు పెట్టిన సంతకాలు, అంటే బ్యాంకులో ఖాతా తెరిచినప్పటి ఫారం లాంటివి, కోర్టుకు తెప్పిస్తారు. నోటు మీద సాక్షులుగా ఉన్నవాళ్లు, రాసిన లేఖరి బోనెక్కుతారు. అదంతా ఒక ఎత్తు. అసలు దెబ్బ మరోటి: సంతకం నాది కాదన్న మనిషి, అదే నోటు కింద నాలుగు సార్లు వడ్డీ కట్టానని ఏ నోటితో చెబుతాడు? ఒక్క అబద్ధం కోసం తన దగ్గరున్న గట్టి సాక్ష్యాన్ని, బ్యాంకు స్టేట్‌మెంటును, తానే మూలన పడేసుకున్నట్టవుతుంది. పైగా రిటన్ స్టేట్‌మెంట్ కింద సత్యమని సంతకం పెట్టి, దానితోపాటు అఫిడవిట్ ఇవ్వాలి. తెలిసి అబద్ధం రాస్తే అది కేసు ఓడిపోవడంతో ఆగదు.

"మరి ఒప్పేసుకోవాలా సార్?" అన్నాడాయన, అప్పటికే ఓడిపోయినవాడి మొహంతో. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. ఎంతవరకో అంతవరకే.

పేరా కాదు, వాక్యం

ముందు ప్లెయింటును జిరాక్స్ తీసుకోండి. ఒక్కో పేరాలో ఒక్కో విషయమే ఉంటుందని అనుకోవద్దు. అనుభవమున్న వకీలు ఒకే వాక్యంలో అయిదు సంగతులు గుచ్చుతాడు. కొట్టాయన కేసులో మూడో పేరా ఇలా ఉంది: "ప్రతివాది తన వ్యాపార అవసరాల నిమిత్తం 10-8-2021న వాది వద్ద రూ.5,00,000 నగదు అప్పుగా తీసుకుని, నెలకు నూటికి రూ.2 వడ్డీతో అడిగిన వెంటనే చెల్లించగలనని సాక్షుల సమక్షంలో ప్రామిసరీ నోటు రాసిచ్చాడు."

పెన్సిల్‌తో ముక్కలు చేశాం. వ్యాపార అవసరం, నిజం. తేదీ, నిజం. 5 లక్షలు, కాదు. నగదు, కాదు. వడ్డీ రేటు, నోటులో ఉన్నది నిజం. అడిగిన వెంటనే చెల్లించాలన్న షరతు, నిజం. సాక్షులు, నిజం. సంతకం, నిజం. ఏడెనిమిది ముక్కల్లో కాదనాల్సినవి రెండే. కానీ కేసంతా ఆ రెండింటిలోనే ఉంది.

ఆయన అప్పటికే ఒక చోట రాయించుకొచ్చిన చిత్తు ప్రతిలో ఈ పేరాకు జవాబు ఒక్క వాక్యం: "3వ పేరాలో చెప్పినట్లు ప్రతివాది 10-8-2021న రూ.5,00,000 నగదు అప్పుగా తీసుకున్నాడనడం సరికాదు, వాది కఠినంగా రుజువు చేసుకోవలెను." చదవడానికి గంభీరంగానే ఉంది. కానీ ఏది సరికాదు? ఆ తేదీన తీసుకోలేదా? అయిదు లక్షలు కాక నాలుగు తీసుకున్నాడా? నగదు కాక బ్యాంకు ద్వారానా? అసలు తీసుకోనే లేదా? జడ్జిగారికి తెలియదు. ఇలాంటి జారుడు ఖండన చెల్లదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8, రూల్ 4 సూటిగా చెబుతుంది. అందులోని ఉదాహరణ కూడా అచ్చం మన కేసే: ఇంత డబ్బు తీసుకున్నాడని ఆరోపిస్తే, అంత తీసుకోలేదంటే సరిపోదు. అందులో ఏ కొంచెమూ తీసుకోలేదనైనా చెప్పాలి, లేదా ఎంత తీసుకున్నాడో చెప్పాలి.

దాని పక్కనే ఉన్న రూల్ 5 ఇంకా కఠినం. స్పష్టంగా కాదనని ప్రతి సంగతినీ ఒప్పుకున్నట్టే లెక్క. కోర్టుల్లో రోజూ కనిపించే వాక్యం ఒకటుంది: "ఇందులో ప్రత్యేకంగా ఒప్పుకోని ఆరోపణలన్నీ ఖండించడమైనది." చాలామందికి ఇది తాయెత్తు లాంటిది, ఒక్కసారి కట్టుకుంటే చాలు, ఇక ఏ పీడా అంటదనుకుంటారు. తాయెత్తు పనిచేయదు. పేరా పేరాకూ జవాబు ఉండాలని, మూకుమ్మడి ఖండన చాలదని సుప్రీంకోర్టు 2024లో తంగం వర్సెస్ నవమణి అమ్మాళ్ కేసులో మరోసారి చెప్పింది. ఆ వాక్యం రాయొద్దనడం లేదు. దాన్ని నమ్ముకుని మిగతాది రాయకుండా వదిలేయొద్దు.

మేం చివరికి రాసిన మూడో పేరా జవాబు ఇదీ:

"10-8-2021 నాటి ప్రామిసరీ నోటుపై ఉన్న సంతకం ప్రతివాదిదే. నోటులో అసలు రూ.5,00,000 అని, వడ్డీ నెలకు నూటికి రూ.2 అని రాసి ఉన్న మాట నిజం. వాది రూ.5,00,000 గానీ, అందులో ఏ భాగం గానీ నగదుగా ఇచ్చాడనడం అబద్ధం. ఆ రోజు వాది తన బ్యాంకు ఖాతా నుంచి ప్రతివాది ఖాతాకు రూ.4,40,000 పంపాడు. మిగిలిన రూ.60,000 ఆరు నెలల వడ్డీ కింద ముందుగానే మినహాయించుకున్నాడు. ఈ నోటు కింద ప్రతివాదికి ముట్టిన మొత్తం రూ.4,40,000 మాత్రమే."

ఇందులో ఒప్పుకున్న మాటలు ముందున్నాయి, కాదన్న మాటలు వాటి వెంటనే ఉన్నాయి. రెంటినీ వేర్వేరు పేజీల్లో పెట్టకండి. ఒప్పుకోలు దాని హద్దుతో పాటే ఉండాలి. "సంతకం నాదే" అని ఒక పేజీలోనూ, "కానీ డబ్బు అంత రాలేదు" అని నాలుగు పేజీల తర్వాతా రాస్తే, వాది వకీలు మొదటి ముక్కనే చదివి వినిపిస్తాడు.

సంతకం ఒప్పుకుంటే ఒక భారం మన మీద పడుతుంది, అది ముందే తెలియాలి. నోటు మీద రాసిన డబ్బు చేతులు మారిందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 మొదట నమ్ముతుంది. కాదని చూపించాల్సింది ప్రతివాదే. కొట్టాయనకు ఆ రోజు ఖాతాలో పడిన 4,40,000 ఉంది కాబట్టి ధైర్యంగా ఒప్పుకున్నాం. అప్పుడు వాది "మిగతా అరవై వేలు చేతికిచ్చాను" అనొచ్చు. అననివ్వండి. ప్లెయింటులో మొత్తం నగదని రాసిన మనిషి ఇప్పుడు కథ మార్చాల్సి వస్తుంది, క్రాస్ పరీక్షలో అది చాలా పనికొస్తుంది.

వడ్డీ దగ్గర ఆయన మొండికేశాడు. నోటితో అనుకున్నది రూపాయిన్నరేనట. అయి ఉండొచ్చు. కానీ రాసిచ్చిన షరతును నోటిమాటతో మార్చడానికి సాక్ష్య చట్టం మామూలుగా ఒప్పుకోదు. నెగ్గని మాట పట్టుకుని వేలాడితే నెగ్గే మాట మీద కూడా అనుమానం వస్తుంది. రేటు ఒప్పుకున్నాం. దావా వేసిన తేదీ తర్వాత వడ్డీ ఎంత వేయాలన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 34 కింద కోర్టు విచక్షణలో ఉంటుంది కాబట్టి, దాన్ని తగ్గించమని మాత్రం అడిగాం.

మూడో రకం సంగతులు కొన్ని ఉంటాయి. "వాది తన పొలం అమ్మిన డబ్బులోంచి అప్పిచ్చాడు" అని ప్లెయింటులో ఉంది. అది కొట్టాయనకు తెలియదు. అప్పుడు అబద్ధమని రాయకూడదు, నిజమనీ రాయకూడదు. "ఈ సంగతి ప్రతివాదికి తెలియదు, ఒప్పుకోవడం లేదు" అంటే చాలు. అయితే మీ ఖాతాలో పడిన డబ్బు గురించి, మీకందిన నోటీసు గురించి "తెలియదు" అని రాస్తే నవ్వులపాలవుతారు. నోటీసు అందిందనీ, రాతపూర్వకంగా జవాబివ్వలేదనీ రెండు ముక్కల్లో ఒప్పుకున్నాం.

మీరు చెప్పకపోతే లేనట్టే

కాదనడంతో సగం పనే అయింది. "పైసా కట్టలేదనడం అబద్ధం" అని రాసి ఊరుకుంటే, కట్టిన సంగతి కాగితం మీదికి రానట్టే. బాకీ తీర్చడం, మోసం, కాలదోషం లాంటి కొత్త సంగతుల్ని ప్రతివాదే ప్రత్యేకంగా చెప్పుకోవాలని ఆర్డర్ 8, రూల్ 2 అంటుంది. రిటన్ స్టేట్‌మెంట్‌లో లేని చెల్లింపును రెండేళ్ల తర్వాత సాక్ష్యంలో తొలిసారి చెబితే, "ఇది మీ జవాబులో ఎక్కడుంది?" అన్న ఒక్క ప్రశ్నతో పడిపోతుంది.

అందుకే "అదనపు సంగతులు" అన్న భాగంలో చెల్లింపుల్ని తేదీల వారీగా రాశాం: 10-8-2022, 10-2-2023, 10-8-2023, 10-2-2024. ఒక్కోసారి 50,000. ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు, ఏ ట్రాన్సాక్షన్ నంబరుతో. వాది వకీలు అనబోయేది కూడా ఊహించాం: "ఆ డబ్బు ఈ నోటుది కాదు, చీటీ బాకీది." కొట్టాయనను నిలదీసి అడిగాను, వాదితో చీటీ గానీ, సరుకు బాకీ గానీ, ఇంకేదైనా లావాదేవీ ఉందా అని. లేదన్నాడు. అయితే ఆ మాటే రాశాం: "ఈ నోటు తప్ప వాది, ప్రతివాదుల మధ్య వేరే లావాదేవీ ఏదీ లేదు." రెండోసారి పంపినప్పుడు ఫోన్‌లో "వడ్డీ" అని టైప్ చేశాడు. ఆ అలవాటు ఎంత విలువైనదో ఆయనకు అప్పుడే తెలిసింది.

ఫోన్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఇస్తే పనైపోదు. బ్రాంచికి వెళ్లి, బ్యాంకు సర్టిఫికెట్‌తో ఖాతా స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ఫోన్‌లోని రికార్డు కూడా వేయాలనుకుంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో 65బి అని అందరికీ నోటికి వచ్చినది అదే. ఈ పత్రాల్ని రిటన్ స్టేట్‌మెంట్‌తో పాటే దాఖలు చేయాలి. తర్వాత వేస్తానంటే కోర్టు అనుమతి అడుక్కోవాల్సి ఉంటుంది.

రసీదు లేని 50,000 సంగతి? రాయాలి. ఏ తేదీన, ఎవరింట్లో, ఎవరి ముందు ఇచ్చాడో అంతా రాయాలి. రుజువవుతుందో లేదో తర్వాతి మాట, ఆ పెద్దమనిషి బోనెక్కుతాడో లేదో కూడా. రాయకపోతే మాత్రం రుజువు చేసుకునే అవకాశమే ఉండదు.

ఒప్పుకోలుకూ ఖరీదుంటుంది

ఇప్పుడు లెక్క కట్టాం. ముట్టిన అసలు 4,40,000. నెలకు 8,800 చొప్పున 35 నెలల వడ్డీ 3,08,000. మొత్తం 7,48,000. అందులోంచి కట్టిన రెండున్నర లక్షలు తీసేస్తే 4,98,000. వాది అడిగింది ఎనిమిదిన్నర లక్షలు. తేడా మూడున్నర లక్షలకు పైమాటే. నగదుగా ఇచ్చిన 50,000 రుజువు కాకపోతే బాకీ 5,48,000 అవుతుంది. కోర్టు అసలును 5 లక్షలుగానే తీసుకుంటే ముందుగా పట్టుకున్న 60,000ను వడ్డీ కింద జమ చేయాలని ప్రత్యామ్నాయంగా కూడా రాశాం. చిన్న వాక్యమే, కానీ మొదటి వాదన వీగిపోతే నిలబడటానికి అదొక్కటే ఉంటుంది.

కొట్టాయన మొహం వెలిగింది. అప్పుడే ఇంకో సంగతి చెప్పాల్సి వచ్చింది. 4,98,000 బాకీ ఉన్నానని కాగితం మీద ఒప్పుకున్నాక, ఆ మేరకు విచారణ దాకా ఆగకుండా వెంటనే డిక్రీ ఇవ్వమని వాది అడగొచ్చు. ఆర్డర్ 12, రూల్ 6 అందుకే ఉంది. కోర్టు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. కానీ ఒప్పుకున్న ప్రతి రూపాయీ రేపే కట్టాల్సి రావచ్చన్న ఎరుకతోనే అంకె రాయాలి. "కొంత బాకీ ఉన్న మాట వాస్తవమే" లాంటి గాలిమాట రాస్తే ఇంకా ప్రమాదం. ఆ "కొంత"ను అవతలివాడు తనకు నచ్చినంత చేస్తాడు.

తర్వాత మనసు మార్చుకుందామన్నా దారి ఇరుకు. సవరణ దరఖాస్తులతో కొత్త వాదన చేర్చుకోవడానికి కోర్టులు కొంత ఉదారంగానే ఉంటాయి గానీ, ఒకసారి చేసిన ఒప్పుకోలును చెరిపేసి దాని చోట పూర్తిగా వేరే కథ పెట్టడానికి ఒప్పుకోవని 1976లో మోదీ స్పిన్నింగ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చిత్తు ప్రతిని ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోమంటాను. భార్యతోనో కొడుకుతోనో కూర్చుని చదవమంటాను. మర్నాడు ఉదయం కొట్టాయన ఫోన్ చేసి, ఒక చెల్లింపు తన ఖాతాలోంచి కాదు, కొడుకు ఖాతాలోంచి వెళ్లిందని చెప్పాడు. సరిదిద్దాం. అది క్రాస్ పరీక్షలో బయటపడి ఉంటే మిగతా మూడింటి మీదా నీళ్లు చల్లేది.

ఒప్పుకున్న డబ్బు చేతిలో ఉంటే ఇంకో దారి ఉంది, వకీళ్లు కూడా అంతగా వాడరు. ఆర్డర్ 24 కింద ప్రతివాది తాను బాకీ ఉన్నాననుకున్న మొత్తాన్ని కోర్టులో జమ చేయొచ్చు. జమ చేసినట్టు వాదికి నోటీసు అందిన రోజు నుంచి ఆ డబ్బు మీద వడ్డీ ఆగిపోతుంది. రెండు రూపాయల వడ్డీ మీద కేసు మూడేళ్లు నడిస్తే ఎంతవుతుందో కొట్టు లెక్కలు రాసేవాడికి నేను చెప్పాలా? ఆయన 3 లక్షలు తెచ్చి జమ చేశాడు. మిగతాదానికే తగవు నడిచింది.

గడువు గురించి ఒక్క మాట. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు. సరైన కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పొడిగించొచ్చు. మామూలు దావాల్లో అంతకు మించి కూడా అరుదుగా అనుమతించే వీలుంది గానీ, వాణిజ్య వివాదాల దావా అయితే 120 రోజులతో తలుపు మూసుకుపోతుంది. ఈ కేసులో సమన్లు ఆగస్టు 5న అందాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోవడానికే పన్నెండు రోజులు పట్టింది.

చివరి పని సంతకం. జవాబు ఇంగ్లీషులో టైపై ఉంటుంది, మీకు ఇంగ్లీషు అంతంతమాత్రం. గుమస్తా గుర్తుపెట్టిన చోటల్లా గబగబా సంతకాలు పెట్టేస్తారు. కొట్టాయన మూడేళ్ల కిందట నోటు మీద చేసిందీ అదే, అంకె చూసుకోకుండా. ఏయే పేరాలు మీ సొంత ఎరుకతో చెప్పినవో, ఏవి వకీలు సలహా మీద నమ్మి చెప్పినవో ఆ చివరి పేజీలో ఉంటుంది. దాని కింద ఉండేది మీ సంతకం, వకీలుది కాదు.

కాబట్టి రేపు వకీలు దగ్గరికి వెళ్లేవాళ్లు ప్లెయింటు కాపీ, పాస్‌బుక్కు, ఫోను మూడూ పట్టుకెళ్లండి. సమన్లు ఏ తేదీన అందాయో కవరు మీదే రాసి ఉంచండి. జవాబు తయారయ్యాక, "ప్రతి పేరా తెలుగులో చదివి చెప్పండి సార్, ఆ తర్వాతే సంతకం పెడతా" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.